ఇత్తడి చెంబులో అమ్మ చిట్టీ

గత నెల అమ్మ సంవత్సరీకానికి కొత్తగూడెం వెళ్ళినప్పుడు ఆమె ఇనుప పెట్టె తెరిచాము. పాత పట్టుచీరల మధ్య వేసిన నాఫ్తలీన్ ఉండల వాసనతో పాటు, ఏళ్ళ తరబడి మూసి ఉన్న కాగితాల వాసన ఒకటి పైకి వచ్చింది. ఆ వాసన ఎక్కడిదో అడుగున చేయి పెట్టేదాకా తెలియలేదు. అట్ట చిరిగిన మూడు పొడుగు నోటు పుస్తకాలు, వాటి పక్కన ఒక చిన్న ఇత్తడి చెంబు దొరికాయి. చెంబు లోపలి అంచు చేతులు తగిలి తగిలి నున్నగా అరిగిపోయి ఉంది. ఆ అరుగుదలలో కొంత భాగం నా వేళ్ళదే.

మా నాన్న సింగరేణిలో బొగ్గు బాయి పని చేసేవారు. కార్మిక వాడలో మా వరుసలో ఉన్న క్వార్టర్లన్నిటికీ సైరనే గడియారం. ఏ ఇంట్లో ఎవరు ఏ షిఫ్టులో ఉన్నారో పొయ్యి వెలిగే వేళను బట్టి చెప్పగలిగేవాళ్ళం. జీతం వచ్చిన తర్వాత వచ్చే మొదటి ఆదివారం, అంటే బాయికి సెలవుండే ప్లే డే నాడు, సాయంత్రం మా వాకిట్లో చాప పరిచేవారు. ఆ రోజే అమ్మ చిట్టీ. ఇరవై మంది సభ్యులు, మనిషికి నెలకు 500 రూపాయలు, మొత్తం 10,000. ఇరవై నెలల్లో ప్రతి ఒక్కరికీ ఒకసారి ఆ మొత్తం దక్కాలి. డబ్బు పోగుచేయడం కష్టమైన పని కాదు. ఎవరికి ముందు, ఎవరికి వెనుక అన్న ప్రశ్నే అమ్మను జీవితాంతం వేధించింది. ఆ ఇరవై నెలల వరుసను ఆమె మూడు రకాలుగా కట్టి చూసింది. ఆ మూడు పుస్తకాలూ ఆ మూడు రకాలవే.

* * *

మొదటి పుస్తకం చీటీలు తీసే పద్ధతిది. మొదటి నెల మొత్తం నడిపే మనిషిదే. ఎవరైనా ఒక నెల కట్టలేకపోతే ఆ డబ్బు తానే పెట్టి చిట్టీని ఆగకుండా చూసే పూచీ ఆమెది కనుక, ఆ మొదటి వంతు ఆమెకు ఇవ్వడం వాడలో అందరూ ఒప్పుకున్న మర్యాద. రెండో నెల నుంచి చెంబు బయటికి వచ్చేది.

చీటీలు తయారుచేయడం అమ్మ ఎంత శ్రద్ధగా చేసేదో ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. గీతల కాగితం ఒక్కటే తీసుకుని, స్కేలు పెట్టి సమానంగా చింపేది. ఒకే పెన్నుతో పేర్లు రాసేది. ఒక్కొక్క ముక్కను రెండుసార్లు మడిచి, బీడీ చుట్టినట్టు చుట్టేది. ఒక చీటీ దళసరి కాగితంతో చేసినా, మడత ఒకటి ఎక్కువైనా, చెంబులో చేయి పెట్టిన వాళ్ళ వేలికి తేడా తెలిసిపోతుంది. పక్క వాడలో ఎవరో ఒక చీటీని తడిపి ఆరబెట్టి గరుకుగా చేశారనీ, తీసే పిల్లకు ముందే నేర్పారనీ చెప్పుకునేవారు. అందుకే అమ్మ అక్షరాలు రాని పిల్లల చేతనే చీటీ తీయించేది. అంగన్‌వాడీకి వెళ్ళే వయసు నుంచి ఆ పని నాది. చాప మీద గాజుల చప్పుడు, ఎవరో వక్కాకు నములుతున్న వాసన, నా చెయ్యి చెంబులోకి వెళ్ళగానే హఠాత్తుగా అందరూ మాటలు ఆపేయడం, అన్నీ గుర్తున్నాయి. రెండో తరగతిలో నేను తలుపు మీద సున్నంతో రాసిన క్వార్టరు నంబరు చదివిన రోజే ఆ పని నుంచి నన్ను తప్పించి తమ్ముడికి అప్పగించారు. ఆ రాత్రి నేను ఏడ్చాను.

అంతకంటే ముఖ్యమైన నియమం ఒకటి ఉండేది. పేరు వచ్చిన చీటీని చదివాక, చెంబును చాప మీద బోర్లించి, మిగిలిన చీటీలన్నీ విప్పి పైకి చదివేవారు. ఎత్తినవాళ్ళ పేరు మళ్ళీ లేదనీ, ఎత్తనివాళ్ళ పేరు ఏదీ తప్పిపోలేదనీ అందరికీ తెలియాలి. చెంబులో ఒకే పేరు రాసిన చీటీలే నింపే మోసం ఈ ఒక్క పనితో ఆగిపోతుంది. ఏ వాడలోనైనా చిట్టీ నడిపేవారు మిగిలిన చీటీలను విప్పి చూపించకుండా పొయ్యిలో వేస్తున్నారంటే అక్కడ చేరకూడదని అమ్మ చెప్పేది.

ఇంత నిజాయితీగా జరిగినా ఆ పద్ధతిలో ఒక లోపం ఉంది. ఐదో నెల మా పక్కింటి అత్తమ్మ పేరు వచ్చింది. ఆమెకు అప్పట్లో డబ్బుతో పనిలేదు. జాకెట్లు కుట్టే వదినెకేమో వైశాఖంలో బిడ్డ పెళ్ళి పెట్టుకున్నారు, పేరు ఎప్పుడు వస్తుందో తెలియదు. అత్తమ్మ తన వంతు ఆమెకు ఇచ్చి, చెంబులో మిగిలిన వదినె చీటీని తన పేరుకు మార్చుకుంది. ఆ మార్పిడి అందరి ముందు, అందరూ వినేట్టు జరగాలని అమ్మ పట్టుపట్టింది. చాటుగా వంతు అమ్ముకోవడం మొదలైతే చెంబుకు విలువ ఉండదని ఆమె భయం.

ఆ చీటీ పద్దెనిమిదో నెలలో గానీ రాలేదు. అంటే అత్తమ్మకు పదమూడు నెలలు ఆలస్యం అయింది. ఆ రోజుల్లో వాడలో తెలిసినవాళ్ళ దగ్గర నూటికి నెలకు రెండు రూపాయలు సాధారణ వడ్డీ. పదివేల మీద నెలకు 200 చొప్పున లెక్కగడితే పదమూడు నెలలకు 2,600 అవుతుంది. వదినె రెండేళ్ళపాటు అత్తమ్మకు కూలి తీసుకోకుండా జాకెట్లు కుట్టింది, అది వేరే సంగతి. కానీ ఆ మార్పిడికి డబ్బు రూపంలో ఏమీ తీసుకోకూడదన్న అమ్మ నియమం అత్తమ్మకు అన్యాయం చేసిందని నేను ఇప్పటికీ అనుకుంటాను. అందరూ పదివేలు కట్టి పదివేలే తీసుకుంటున్నట్టు కనిపిస్తుంది. నిజానికి రెండో నెల ఎత్తినవారు వడ్డీ లేని అప్పు తీసుకున్నట్టు, చివరి నెల ఎత్తినవారు వడ్డీ లేకుండా అప్పు ఇచ్చినట్టు. ఆ తేడాను చెంబులోని అదృష్టానికి వదిలేశాము.

* * *

రెండో పుస్తకం పాట చిట్టీది. పెద్దవాళ్ళు కొందరు, ముఖ్యంగా డబ్బుతో తొందర లేనివాళ్ళు, పాట పెట్టమని అమ్మను అడిగారు. పాటలో అవసరం ఉన్నవారు తాము ఎంత తగ్గించుకుని తీసుకుంటారో చెప్పుకుంటూ పోతారు. ఎవరు ఎక్కువ తగ్గించుకుంటే ఆ నెల మొత్తం వారిది. తగ్గిన డబ్బు ఇరవై మందికీ సమానంగా పంచుతారు. ఉదాహరణకు ఒకరు 3,000 తగ్గించుకుని, అంటే తోసి పాడితే, మనిషికి 150 మిగులుతుంది కనుక ఆ నెల ప్రతి ఒక్కరూ 500 బదులు 350 కడతారు. ఇరవై మంది కట్టిన 350 కలిపితే 7,000. అది పాడుకున్న వారి చేతికి వెళ్తుంది.

ఆ చిట్టీలో మూడో నెల పాట నాకు బాగా గుర్తుంది. బాయిలో చేయి విరిగిన ఒక మామ ఆ నెల మస్టర్లు పడక జీతం లేకుండా ఉన్నారు. కట్టు కట్టిన చేయి మెడకు వేలాడుతుండగా చాప చివర కూర్చుని, "అయిదొందలు" అంటూ మొదలుపెట్టారు. ఆ చిట్టీలోకి కొత్తగా చేరిన ఒకాయన ఎదురు పాడటం మొదలుపెట్టాడు. "వెయ్యి", "పన్నెండొందలు", "రెండు వేలు". వాకిట్లో గొంతులు పెరిగే కొద్దీ నాకు భయం వేసింది. అమ్మ ముందే 3,000 మించి ఎవరూ తోయకూడదని కట్టడి పెట్టింది. ఇద్దరూ ఆ గీత దగ్గరికి వచ్చి ఆగిపోయారు. అలా ఇద్దరు, ముగ్గురు ఒకే పైగీత మీద నిలబడితే ఏం చేయాలన్నది పాటతో తేలదు. మళ్ళీ చెంబే రావాలి. తమ్ముడు చేయి పెట్టాడు. మామ పేరు వచ్చింది. పెద్ద చిట్‌ఫండ్ కంపెనీలలో కూడా పైగీత దగ్గర ఒకరి కంటే ఎక్కువ మంది నిలబడితే చీటీలే వేస్తారని పెద్దయ్యాక తెలిసినప్పుడు నాకు ఆ సాయంత్రమే గుర్తుకొచ్చింది.

ఆ రాత్రి మామ భార్య అమ్మ దగ్గరకు వచ్చి, మూడు వేలు పోగొట్టుకున్నామని కన్నీళ్ళు పెట్టుకుంది. అప్పుడు అమ్మ పుస్తకం తెరిచి ఆమెకు చూపించిన లెక్క నేను పక్కన కూర్చుని విన్నాను. చివరిదాకా ఆగితే పదిహేడు నెలల తర్వాత 10,000 వస్తాయి, ఇప్పుడైతే 7,000 వస్తాయి. మూడు వేలను పదిహేడుతో భాగిస్తే నెలకు 176 పడుతుంది. ఏడు వేల మీద అది నూటికి నెలకు రెండున్నర. బయట తాకట్టు లేకుండా ఇచ్చేవాళ్ళు ఐదు తీసుకుంటున్నారు కనుక ఆ మామ మోసపోలేదు. అదే చిట్టీలో పదిహేనో నెలలో ఒకామె 1,500 తోసి పాడుకుంది. తక్కువే పోయిందని సంతోషపడింది. కానీ ఆమెకు మిగిలినవి ఐదు నెలలే. నెలకు 300, అది కూడా 8,500 మీద, అంటే నూటికి మూడున్నర. తోసిన మొత్తాన్ని మాత్రమే చూసేవారికి మొదటి పాట భయంకరంగా, రెండోది చౌకగా కనిపిస్తుంది. మిగిలిన నెలలతో భాగించి చూస్తే అది తిరగబడుతుంది. చిట్టీ చివరికి వస్తున్న కొద్దీ చిన్న తోపు కూడా ఖరీదైనదే. అమ్మ ఆ తర్వాత పాట మొదలుపెట్టే ముందు మిగిలిన నెలల సంఖ్యను పైకి చెప్పేది.

ఆ ఇరవై నెలలు పూర్తయ్యేసరికి ఒక్కొక్కరు కట్టింది మొత్తం 8,150 అని పుస్తకంలో ఉంది. చివరి నెల తీసుకున్న పెద్దావిడకు 10,000 వచ్చాయి. మూడో నెల తీసుకున్న మామకు 7,000 వచ్చాయి. ఆగగలిగిన వారికి వచ్చిన లాభం అంతా ఆగలేని వారి చేతుల నుంచి వచ్చింది. అమ్మకు పాట పద్ధతి మీద మనసు విరిగింది ఈ లెక్క చూశాకే. "ఈ నూటయాభై ఎవరి ఇంట్లోకెళ్ళి వచ్చిందో ఎరికైనంక తినబుద్ధి కాదు బిడ్డా" అని అంది.

* * *

పాట పద్ధతిని పూర్తిగా మానేయడానికి రెండో కారణం, మామకు ఎదురు పాడిన ఆ కొత్తాయన. ఆయన నాలుగో నెలలో 3,000 తోసి 7,000 తీసుకున్నాడు. ఆరో నెల తర్వాత కట్టడం ఆపేసి కుటుంబంతో ఊరు విడిచి వెళ్ళిపోయాడు. కట్టాల్సింది దాదాపు 5,900. ఆయన రెండు చోట్ల ఒకేసారి పైగీత దాకా పాడుతున్నాడని తర్వాత తెలిసింది. అవసరం ఉన్నవాడు ఒక్కొక్క మెట్టు ఎక్కుతూ, మధ్యలో ఆగి లెక్క వేసుకుంటాడు. తిరిగి కట్టే ఉద్దేశం లేనివాడికి ఎంత తోసినా ఒకటే కనుక ఎక్కడా ఆగడు. ఎదుటివాళ్ళు ఎంత అన్నా తడుముకోకుండా పైకి పోవడం, కంతు తానే తేకుండా పిల్లల చేత పంపడం, తోటి సభ్యుడి దగ్గర అప్పు అడగడం, ఇవన్నీ ఆ మూడు నెలల్లోనే కనిపించాయని అమ్మ తర్వాత గుర్తుచేసుకుని బాధపడింది.

ఆయనకు జామీను సంతకం పెట్టినాయన రెండో నెలలోనే చిట్టీ ఎత్తేశాడు. వాళ్ళిద్దరూ ఒకరికొకరు జామీను. అందులో పట్టు ఏమీ లేదు. ఎత్తని సభ్యుడు జామీను ఉంటే, అతని వంతు మన చేతిలో ఉన్నంత కాలం ఆ సంతకానికి బరువు ఉంటుంది. ఎత్తినవాడి సంతకం కాగితం మీద సిరా మాత్రమే. అమ్మ తన రెండు గాజులు తాకట్టు పెట్టి ఆ చిట్టీని చివరిదాకా లాక్కొచ్చింది. మాది రిజిస్టరు చేసిన చిట్టీ కాదు. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం కింద నమోదైన చిట్టీలలో డబ్బు ఇచ్చే ముందు పూచీ తీసుకుంటారు, ఎగ్గొడితే రిజిస్ట్రారు దగ్గరికి పోవచ్చు. మాకు ఆ దారి లేదు. అందుకే ఎవరు ముందు ఎత్తుతారన్నది అదృష్టం విషయమో, పంతం విషయమో కాకుండా, ముందుగా ఎత్తినవారు కట్టగలరా లేదా అన్న విషయం కూడా అయింది.

* * *

మూడో పుస్తకం తెరవగానే అమ్మ గీసిన పట్టిక కనిపించింది. ఇది నాకు ఇష్టమైన పుస్తకం. ఈ పద్ధతిలో పాట లేదు. చిట్టీ ఎత్తనివాళ్ళు నెలకు 500 కడతారు. ఎత్తిన మరుసటి నెల నుంచి 600 కడతారు. అందువల్ల నెల గడిచే కొద్దీ మొత్తం 100 చొప్పున పెరుగుతుంది. మొదటి నెల 10,000, రెండో నెల 10,100, అలా చివరి నెలకు 11,900. మొదటి నెల ఎత్తినవారు ఇరవై నెలల్లో కట్టేది 11,900, తీసుకునేది 10,000. చివర ఎత్తినవారు కట్టేది 10,000, తీసుకునేది 11,900. పదో నెలలో ఎత్తితే 11,000 కట్టి 10,900 తీసుకుంటారు, పదకొండో నెలలో ఎత్తితే 10,900 కట్టి 11,000 తీసుకుంటారు. ముందు వచ్చినవారి వడ్డీ, ఆగినవారి లాభం ఎంతో మొదటి రోజే అందరికీ తెలుసు. కష్టంలో ఉన్నవారి అవసరాన్ని చూసి దాన్ని పెంచడానికి ఎవరికీ వీలు లేదు. అమ్మ ఈ లెక్క ఎక్కడ విన్నదో నాకు తెలియదు కానీ, ఆమె వేళ్ళ మీద లెక్కపెడుతూ దీన్ని అత్తమ్మకు వివరించిన మధ్యాహ్నం నాకు గుర్తుంది.

చిట్టీ మొదలయ్యే ముందు ఆదివారం అందరినీ పిలిచి, ఎవరికి ఏ నెల కావాలో అడిగేది. జూన్ నెలకు ఐదుగురు చేతులు ఎత్తేవారు, పిల్లల ఫీజులు, పుస్తకాలు. మాఘంలో, శ్రావణంలో పెళ్ళిళ్ళవాళ్ళు. దసరా నెల మాత్రం ఎవరూ కోరుకునేవారు కాదు, అప్పుడు సింగరేణి లాభాల వాటా చేతికి వస్తుంది కనుక. ఒకే నెలకు ఇద్దరో ముగ్గురో పోటీ పడితే, ఆ ఇద్దరి ముగ్గురి పేర్లే చెంబులో వేసేది. పేరు రానివారు ఖాళీగా ఉన్న పక్క నెల తీసుకునేవారు. మొదటి పది నెలల్లో వంతు కోరినవారు, పదకొండు తర్వాత వంతు ఉన్నవారిని ఒకరిని జామీనుగా తెచ్చుకోవాలి. ఆ జామీనుదారు వంతు వచ్చే రోజుకి అతను పూచీ పడినవారి బాకీ ఏదైనా ఉంటే, అందులో పట్టుకుని మిగతా ఇస్తారు.

ఈ పద్ధతిలోనూ చిక్కులు వచ్చాయి. ఊహించని జబ్బు వచ్చినవారు వంతు ముందుకు జరపమని అడిగేవారు. అప్పుడు మార్పిడి చేసుకుంటే మొత్తాలు కూడా మారతాయి కనుక, ఆ తేడా పట్టికలోనే కనిపించేది. పద్నాలుగో నెలవారు ఐదో నెలకు రావాలంటే 11,300 బదులు 10,400 తీసుకుంటారు, ఆరో నెల నుంచి పద్నాలుగో నెల దాకా తొమ్మిది నెలలు 500 బదులు 600 కడతారు. వారి చోట పద్నాలుగో నెలకు వెళ్ళినవారు ఆ తొమ్మిది నెలలు 500 కట్టి, 11,300 తీసుకుంటారు. ఆలస్యానికి అప్పుడు అత్తమ్మకు దక్కని డబ్బు ఈ పద్ధతిలో దక్కుతుంది. అత్తమ్మ ఈ చిట్టీలో ఎప్పుడూ చివరి వంతే కోరుకుంది.

* * *

అమ్మ వెళ్ళిపోయిన నాటికి ఆమె నడిపే చిట్టీ పద్నాలుగో నెలలో ఉంది. ఇప్పుడు నెలకు 5,000, ఎత్తినవారికి 6,000. లెక్క అదే, పక్కన ఒక సున్నా చేరింది. మా వదిన పుస్తకం చేతికి తీసుకుంది. అమ్మ తన వంతు మొదటి నెలలోనే ఎత్తుకుంది కనుక మిగిలిన ఆరు నెలలు ఆమె తరఫున మేము 6,000 చొప్పున కట్టాము. ఎవరూ ఒక్క నెల కూడా ఆలస్యం చేయలేదు. అమ్మ పెద్దకర్మ రోజున కూడా ఇద్దరు ఆడవాళ్ళు కొంగులో ముడివేసిన డబ్బు వదిన చేతిలో పెట్టి, పేరు పక్కన టిక్కు పెట్టించుకునే వెళ్ళారు.

చివరి నెల నేను వెళ్ళాను. ఆ వంతు తొంభై దగ్గర పడిన అత్తమ్మది. 1,19,000 రూపాయలు వదిన రెండుసార్లు లెక్కపెట్టి ఆమె ఒళ్ళో పెట్టింది. అత్తమ్మ కట్ట విప్పి చూడలేదు. చెంబు ఏదని అడిగింది. తెచ్చి ఇస్తే, చాప మీద బోర్లించి, అరచేత్తో దాని అడుగున రెండుసార్లు తట్టింది. ఏమీ రాలలేదు. అప్పుడు పుస్తకంలో తన పేరు పక్కన వేలిముద్ర వేసింది.